అరెస్టు, సస్పెన్షన్, డిస్మిసల్: 48 గంటల నియమం ఏం చెబుతుంది

ఆఫీసుతో ఏ సంబంధమూ లేని గొడవలో ఒక ప్రభుత్వోద్యోగి అరెస్టయ్యాడంటే చుట్టాల్లో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "ఇంకేముంది, ఉద్యోగం పోయినట్టే" అనేవాళ్లు కొందరు. "అది సొంత గొడవ, డిపార్ట్‌మెంటుకు ఏం పని?" అనేవాళ్లు ఇంకొందరు. రెండు మాటలూ తప్పే. అరెస్టు కారణంగా ఎవరి ఉద్యోగమూ పోదు. కానీ గొడవ సొంతదైనా సస్పెన్షన్ రావచ్చు. ఒక్కోసారి పై అధికారికి ఇష్టమున్నా లేకపోయినా వచ్చి పడుతుంది. సస్పెన్షన్‌కు, డిస్మిసల్‌కు నియమాలు వేరు, ప్రశ్నలు వేరు. ఈ రెంటినీ కలిపేసి ఆలోచించడం వల్లే అరెస్టయిన తొలి వారంలో చేయాల్సిన పనులు చాలామంది చేయరు.

సస్పెన్షన్, క్రమశిక్షణ చర్యల విషయంలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించే 1965 నాటి సీసీఎస్ (సీసీఏ) నియమాలను ఆధారంగా తీసుకుని మాట్లాడుకుందాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉద్యోగులకు వర్తించేవి 1991 నాటి సీసీఏ నియమాలు. వాటిలో 8వ నియమం సస్పెన్షన్ గురించి చెబుతుంది. 48 గంటల సంగతిలో రెండూ ఒకే బాటలో నడుస్తాయి. గడువులు, సమీక్షల దగ్గర మాత్రం తేడాలున్నాయి కాబట్టి రాష్ట్ర ఉద్యోగులు తమ రాష్ట్రం ఇచ్చిన ఉత్తర్వులు చూసుకోవాలి.

ఇలాంటి పరిస్థితుల్లో కేంద్ర నియమాల్లోని 10వ నియమం సస్పెన్షన్‌కు రెండు దారులు పెట్టింది. మొదటిది అధికారి విచక్షణ మీద ఆధారపడింది. ఉద్యోగి మీద ఏదైనా క్రిమినల్ కేసు దర్యాప్తులో గానీ విచారణలో గానీ ఉంటే సస్పెండ్ చేయవచ్చు. ఇక్కడ "చేయవచ్చు" అన్నారే గాని "చేయాలి" అనలేదు. ఆ నేరం ఉద్యోగానికి సంబంధించినదై ఉండాలని కూడా ఎక్కడా లేదు. అంటే ఎఫ్ఐఆర్ ఉంటే చాలు, అరెస్టు లేకపోయినా అధికారికి ఆ అధికారం ఉంది. అయితే కేసు స్వభావం చూడాలి, ఆ ఉద్యోగి సీట్లో కొనసాగితే ప్రజా ప్రయోజనానికి నష్టమా అని ఆలోచించాలి అని కేంద్రం 1964లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

రెండో దారిలో విచక్షణకు చోటు లేదు. ఉద్యోగి 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే, నిర్బంధంలోకి తీసుకున్న తేదీ నుంచి సస్పెన్షన్‌లో ఉన్నట్టే లెక్క. దీన్నే ఆఫీసుల్లో డీమ్డ్ సస్పెన్షన్ అంటారు. ఆర్డరు పది రోజుల తర్వాత చేతికొచ్చినా తేదీ మాత్రం వెనక్కి, అరెస్టు రోజుకు వెళ్తుంది. "క్రిమినల్ కేసులో గానీ మరో విధంగా గానీ" అని నియమంలో ఉంది కాబట్టి ముందస్తు నిర్బంధం కూడా ఇందులోకే వస్తుంది. నేరం చేశాడా లేదా, కేసు నిజమా అబద్ధమా అనే ప్రశ్నలు ఈ దశలో ఎవరూ వేయరు. జైల్లో ఉన్న మనిషి డ్యూటీకి రాలేడు, ఆ పరిస్థితికి ఒక పేరు పెట్టాలి. ఈ నియమం చేసేది ఆ పనే.

శుక్రవారం రాత్రి అరెస్టు

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. గుంటూరు పోస్టాఫీసులో పనిచేసే ఒకాయన. సెలవు మీద సొంతూరు వెళ్లాడు. పొలం గట్టు దగ్గర దాయాదులతో మాటా మాటా పెరిగి కర్రల దాకా వెళ్లింది. అవతలి మనిషికి చెయ్యి విరిగింది. ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది తీవ్ర గాయం. కర్రను మారణాయుధంగా చూపిస్తే భారతీయ న్యాయ సంహిత 118(2) కింద కేసు. బెయిలబుల్ కాదు. శిక్ష పదేళ్ల వరకూ, జీవిత ఖైదు దాకా కూడా ఉండవచ్చు.

శుక్రవారం రాత్రి 8 గంటలకు అరెస్టు చేశారు. 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి కాబట్టి శనివారం మధ్యాహ్నం తీసుకెళ్లారు. 14 రోజుల రిమాండు వేశారు. బెయిలు పిటిషన్ సోమవారం సెషన్స్ కోర్టులో వేశారు. ప్రాసిక్యూటర్‌కు నోటీసు, కౌంటరు, వాదనలు అయి గురువారం బెయిలు ఇచ్చారు. జామీనులు సమర్పించి బయటకు వచ్చేసరికి శుక్రవారం సాయంత్రం అయింది. మొత్తం ఏడు రోజులు. కానీ ఉద్యోగం లెక్కలో అసలు ఘడియ ఆదివారం రాత్రి 8 గంటలకే దాటిపోయింది. అంటే బెయిలు పిటిషన్ వేసే అవకాశం రాకముందే ఆయన సస్పెన్షన్‌లోకి వెళ్లిపోయాడు.

ఈ నియమంలో నాకు మింగుడుపడనిది ఇదే. మంగళవారం పొద్దున అరెస్టయి, కాస్త తేలికైన సెక్షను కింద బుధవారానికి బెయిలు తెచ్చుకున్నవాడికి డీమ్డ్ సస్పెన్షన్ ఉండదు. అదే కేసులో శుక్రవారం రాత్రి దొరికినవాడికి శని, ఆదివారాలు కలిసి సస్పెన్షన్ తెచ్చిపెడతాయి. తప్పు ఒక్కటే, తేడా క్యాలెండర్‌లో ఉంది. గొడవల్లో అవతలి పక్షంవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ప్రభుత్వోద్యోగి మీద కేసు పెట్టినప్పుడు వారాంతం చూసుకుని అరెస్టు కోసం ఒత్తిడి తెచ్చేది అందుకే.

దీనికి ఉన్న గట్టి అడ్డుకట్ట సర్వీసు నియమాల్లో లేదు, క్రిమినల్ ప్రొసీజర్‌లో ఉంది. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో పోలీసులు యాంత్రికంగా అరెస్టు చేయకూడదని, ఎందుకు అరెస్టు అవసరమో కారణాలు రాయాలని, లేకుంటే హాజరు కావాలంటూ నోటీసు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. పాత 41ఎ నోటీసు ఇప్పుడు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టమైన బీఎన్ఎస్ఎస్ కింద 35(3) నోటీసు అయింది. భార్య పెట్టిన వేధింపుల కేసు, అదే పాత 498ఎ, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్, మూడేళ్ల శిక్ష ఉన్న నేరం. కాబట్టి ఈ కోవలోకే వస్తుంది. నోటీసుకు స్పందించి స్టేషన్‌కు వెళ్లి వస్తుంటే కస్టడీ ఉండదు. కస్టడీ లేకపోతే 48 గంటల ప్రశ్నే రాదు. నోటీసు తీసుకోవడానికి భయపడి ఊరు వదిలి వెళ్లేవాళ్లు ఆ తర్వాత పట్టుబడి, అంతకంటే పెద్ద ఇబ్బంది కొనితెచ్చుకుంటారు. అయితే నోటీసు ఉన్నంత మాత్రాన అధికారి విచక్షణతో చేసే సస్పెన్షన్ ఆగుతుందని అనుకోకండి. ఆ దారి తెరిచే ఉంటుంది. వరకట్న మరణం కేసులో అరెస్టయితే తక్షణం సస్పెండ్ చేయాలని కేంద్రం ఆదేశాలు విడిగా ఉన్నాయి.

చెప్పకపోవడమే పెద్ద తప్పు

మన పోస్టాఫీసు ఉద్యోగి దగ్గరకు మళ్లీ వద్దాం. జైలు నుంచి వచ్చాక ఆయన ఇంట్లో వినిపించే సలహా ఏమిటంటే, "సెలవు పెట్టేయ్, ఎవరికీ తెలియదులే." ఇంతకంటే చెడ్డ సలహా లేదు. ఏ కారణం మీద అరెస్టయినా, వెంటనే బెయిలు మీద విడుదలైనా, ఆ సంగతి పై అధికారికి తెలియజేయడం ఉద్యోగి బాధ్యత అని 1955 నుంచీ కేంద్రం చెబుతూనే ఉంది. దాచిపెడితే అదే ఒక అభియోగం అవుతుంది. కర్రల గొడవ కేసులో రేపు ఆయన నిర్దోషిగా తేలినా, సమాచారం దాచాడనే అభియోగం అలాగే నిలబడుతుంది. సొంత గొడవగా మొదలైన విషయం ఆ క్షణం నుంచి ఆఫీసు విషయం అయిపోతుంది. పైగా అరెస్టయిన ఉద్యోగి గురించి పోలీసులు ఎలాగూ శాఖకు రాస్తారు, దాస్తే దాగేది కాదు.

చెప్పడంలో ఉద్యోగికి లాభం కూడా ఉంది. చాలామంది పట్టించుకోనిది ఇదే. సస్పెన్షన్‌ను 90 రోజుల్లోపు సమీక్షించి పొడిగించాలి, లేకుంటే అది చెల్లదు అని 10వ నియమమే అంటుంది. డీమ్డ్ సస్పెన్షన్‌లో ఉన్నవాడు 90 రోజులయ్యేసరికి ఇంకా కస్టడీలోనే ఉంటే ఆ సమీక్ష అక్కర్లేదు. అప్పుడు 90 రోజుల లెక్క ఎప్పటినుంచి అంటే, విడుదలైన తేదీ నుంచి, లేదా విడుదలైన సంగతి అధికారికి తెలియజేసిన తేదీ నుంచి, వీటిలో ఏది ఆలస్యమైతే అప్పటినుంచి. ఎక్కువ కాలం జైల్లో ఉండి బయటికొచ్చినవాడు నోరు మూసుకుని ఇంట్లో కూర్చుంటే తన గడువు గడియారాన్ని తానే ఆపుకుంటున్నాడన్నమాట. అందుకే విడుదలైన మర్నాడే బెయిలు ఆర్డరు కాపీతో రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి.

విడుదలైనంత మాత్రాన సస్పెన్షన్ దానంతటదే రద్దు కాదన్నది ఇంకో సంగతి. "బెయిలు వచ్చింది కదా, సోమవారం డ్యూటీకి వెళ్తాను" అనుకుని వెళ్లినవాళ్లను గేటు దగ్గరే ఆపేస్తారు. డీమ్డ్ సస్పెన్షన్ అయినా సరే, అధికారి రద్దు చేసేదాకా కొనసాగుతుంది. రద్దు కోసం అర్జీ పెట్టుకోవాలి. అందులో రాయాల్సింది తాను అమాయకుణ్ణి అని కాదు. ఆ సంగతి కోర్టు చూసుకుంటుంది. కేసుకు, తాను చేసే పనికి సంబంధం లేదని, సాక్షులెవరూ ఆఫీసు మనుషులు కారని, రికార్డుల జోలికి వెళ్లే అవకాశం లేదని, కావాలంటే వేరే చోటికి బదిలీ చేయవచ్చని రాయాలి. సమీక్ష కమిటీ నిజంగా చూసేవి ఈ అంశాలే.

కమిటీ సమయానికి కూర్చోకపోతే ఏమవుతుంది? 2009లో దీపక్ మాలి కేసులో సుప్రీంకోర్టు ఆ ప్రశ్నకు జవాబిచ్చింది. 90 రోజుల్లోపు పొడిగింపు లేకపోతే సస్పెన్షన్ అక్కడితో చెల్లకుండా పోతుంది, ఆ తర్వాత చేసిన పొడిగింపుతో దానికి ప్రాణం పోయలేరు. పొడిగించినా ఒక్కోసారి 180 రోజులకు మించకూడదు. 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో ఇంకో మెట్టు ఎక్కి, మూడు నెలల్లో అభియోగ పత్రం ఇవ్వకపోతే సస్పెన్షన్ కొనసాగించకూడదని, ఇచ్చి కొనసాగిస్తే కారణాలు రాయాలని చెప్పింది. ఇక్కడ ఒక గందరగోళం ఉంది. పోలీసులు కోర్టులో వేసేది చార్జిషీటే, శాఖ ఉద్యోగికి ఇచ్చేదీ చార్జిషీటే. రెండో దాన్ని ఆఫీసుల్లో చార్జి మెమో అంటారు. సొంత గొడవల కేసుల్లో శాఖ తరచూ చార్జి మెమో ఇవ్వదు, "కోర్టు తేల్చనీ" అని ఊరుకుంటుంది. సస్పెన్షన్ మాత్రం నడుస్తూ ఉంటుంది. ఆ స్థితిలో ఉన్నవాళ్లు కేంద్ర ఉద్యోగుల ట్రిబ్యునల్ అయిన క్యాట్‌కు గానీ హైకోర్టుకు గానీ వెళ్లేది ఈ తీర్పు పట్టుకునే.

సస్పెన్షన్‌లో జీతం

సస్పెన్షన్ శిక్ష కాదని చట్టం అంటుంది. ఇంట్లోవాళ్లను అడిగితే వేరే మాట చెబుతారు. జీతభత్యాల మౌలిక నియమాల్లోని ఎఫ్ఆర్ 53 ప్రకారం మొదటి మూడు నెలలు సగం జీతం సెలవులో ఎంత వస్తుందో అంత సబ్సిస్టెన్స్ అలవెన్సుగా ఇస్తారు, దాని మీద డీఏ. మన ఉదాహరణలోని ఉద్యోగి మూల వేతనం లెక్క తేలిక కోసం 40,000 అనుకుంటే 20,000, దానికి తగ్గ డీఏ. మూడు నెలల తర్వాత ఆలస్యానికి ఉద్యోగి కారణం కాకపోతే ఆ మొత్తాన్ని సగం వరకూ పెంచవచ్చు. అంటే 30,000 దాకా వెళ్లవచ్చు. ఆలస్యానికి అతనే కారణమైతే సగం వరకూ తగ్గించనూవచ్చు, అప్పుడు 10,000. ఈ పెంపు దానంతటది జరగదు. మూడో నెల చివర్లో అడగాలి. ఇంకెక్కడా ఉద్యోగం, వ్యాపారం చేయడం లేదని సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి. అది ఇవ్వకపోతే బిల్లు కదలదు.

ఈ డబ్బు దయాదాక్షిణ్యం కాదు. కోలారు బంగారు గనుల్లో సెక్యూరిటీ ఆఫీసరుగా పనిచేసిన కెప్టెన్ పాల్ ఆంటోనీని 1985లో ఇంటి మీద పోలీసు దాడి తర్వాత సస్పెండ్ చేశారు. సబ్సిస్టెన్స్ అలవెన్సు ఇవ్వలేదు. విచారణకు రావడానికి చేతిలో డబ్బు లేదని ఆయన చెప్పుకున్నా వినకుండా ఏకపక్షంగా విచారణ ముగించి డిస్మిస్ చేశారు. ఆ తర్వాత క్రిమినల్ కోర్టు ఆయన్ను నిర్దోషిగా వదిలింది. 1999లో సుప్రీంకోర్టు ఆ డిస్మిసల్‌ను నిలవనివ్వలేదు. భృతి ఇవ్వకుండా విచారణ జరపడం ఆ మనిషికి తన వాదన చెప్పుకునే వీలు లేకుండా చేయడమేనని చెప్పింది. ఆ కేసు ఉద్యోగంతో ముడిపడినదే అయినా, ఈ సూత్రం సొంత గొడవల కేసులకూ అంతే వర్తిస్తుంది.

ఉద్యోగం నిజంగా ఎప్పుడు పోతుంది

రాజ్యాంగం 311వ అధికరణం ప్రకారం, అభియోగాలు చెప్పి, విచారణ జరిపి, వాదన విన్నాకే ప్రభుత్వోద్యోగిని డిస్మిస్ చేయాలి. దానికి కొన్ని మినహాయింపులున్నాయి. మనకు సంబంధించింది మొదటిది: క్రిమినల్ కేసులో శిక్ష పడటానికి దారితీసిన ప్రవర్తన ఆధారంగా చర్య తీసుకునేటప్పుడు మళ్లీ విచారణ అక్కర్లేదు. అరెస్టు ఇందులో లేదు. ఎఫ్ఐఆర్ లేదు, పోలీసు చార్జిషీటు కూడా లేదు. కోర్టు దోషి అని తేల్చాలి. కాబట్టి "అరెస్టయ్యాడు గనుక తొలగిస్తున్నాం" అనే ఆర్డరు రెగ్యులర్ ఉద్యోగి విషయంలో కోర్టులో నిలవదు. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ల పరిస్థితి బలహీనం. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్లది ఇంకా బలహీనం. వాళ్లకు 311 గొడుగు పట్టదు. కాకపోతే కేసును కారణంగా చూపి మచ్చ వేసి పంపితే ప్రొబేషనర్ కూడా ప్రశ్నించవచ్చు.

దోషి అని తేలాక అప్పీలు వేసి, శిక్ష అమలు ఆపించుకుంటే ఉద్యోగం నిలుస్తుందని ఒక నమ్మకం ఉంది. 1995లో తమిళనాడు కళాశాల విద్యాశాఖ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తోసిపుచ్చింది. ఆగింది శిక్ష అమలు మాత్రమే, దోషి అన్న తీర్పు అలాగే ఉంది, కాబట్టి శాఖ చర్య తీసుకోవచ్చు, అప్పీలులో గెలిస్తే అప్పుడు తిరిగి తీసుకోవచ్చు అని చెప్పింది.

అలాగని శిక్ష పడిన ప్రతివాణ్ణీ తీసేయాలని కాదు. కేరళలోని ఒలవక్కోట్ రైల్వే స్టేషన్లో 1972లో ఒక పాయింట్స్‌మన్ తాగి గొడవ చేశాడని అరెస్టు చేశారు. కోర్టు దోషి అని తేల్చి, జైలుకు పంపకుండా మందలించి వదిలేసింది. రైల్వే మాత్రం ఉద్యోగం తీసేసింది. తప్పు ఎంత పెద్దది, ఈ శిక్ష తగునా అని ఆలోచించకుండా తీసేయడం కుదరదని సుప్రీంకోర్టు 1975లో చెప్పింది. ఆ తీర్పులో ముందస్తు నోటీసు గురించిన భాగాన్ని 1985లో తులసీరాం పటేల్ కేసులో రద్దు చేసినా, పరిస్థితులను తూకం వేసి చూడాలన్న మాట మిగిలింది. అదే 1985లో ఇంకో కేసులో కోర్టు ఒక ఉదాహరణ చెప్పింది: నో పార్కింగ్‌లో స్కూటర్ పెట్టి శిక్ష పడినవాణ్ణి ఉద్యోగం నుంచి తీసేయాలన్నది రాజ్యాంగం ఉద్దేశం కాదు. ఇప్పుడు సీసీఏ 19వ నియమం కింద, ఏ శిక్ష వేయబోతున్నారో దాని మీద ఉద్యోగి మాట వినే వీలుంది.

ఇక్కడే చాలామంది కాలు జారుతుంది. చిన్న కేసు కదా అని లాయరు గుమస్తా "నేరం ఒప్పుకుని ఫైను కట్టేయండి సార్, ఇవాళే అయిపోతుంది" అంటాడు. తాగి బండి నడిపిన కేసులు, చిన్న కొట్లాటలు ఇలాగే ముగుస్తాయి. ప్రైవేటు మనిషికి అది నిజంగానే ముగింపు. ప్రభుత్వోద్యోగికి అది దోషి అన్న తీర్పు. 311 మినహాయింపు కిందికి వచ్చే కాగితం. ఫైను ఎంతన్నది కాదు, తీర్పులో ఏ మాట ఉందన్నది ముఖ్యం. ఒప్పుకునే ముందు ఆ కోర్టు లాయరునే కాదు, సర్వీసు విషయాలు తెలిసినవాణ్ణి ఒకసారి అడగాలి.

ఉద్యోగం పోయే రెండో దారి శాఖాపరమైన విచారణ. కోర్టు తీర్పు కోసం ఆగకుండా శాఖ తనకు తానే విచారణ జరపవచ్చు. ఆఫీసు బయట జరిగిన దానికి ఏమని అభియోగం మోపుతారు? ప్రవర్తనా నియమాల్లో 3వ నియమం ప్రభుత్వోద్యోగికి తగని పని ఏదీ చేయకూడదంటుంది. అది ఆఫీసు గేటు దగ్గర ఆగదు. 13ఎ నియమం కట్నం ఇవ్వడాన్ని, పుచ్చుకోవడాన్ని నిషేధిస్తుంది. 22వ నియమం తాగిన మైకంలో బహిరంగ ప్రదేశంలో కనిపించడాన్నే తప్పు అంటుంది. అంటే "సొంత విషయం" అనుకునేవి చాలావరకు సర్వీసు నియమాల్లో ముందే రాసి ఉన్నాయి. పొలం గట్టు తగాదా లాంటి వాటిని 3వ నియమం కిందికి లాగడం మాత్రం కష్టం. నా అభిప్రాయంలో అలాంటి కేసుల్లో శాఖ కోర్టు తీర్పు దాకా ఆగడమే సబబు.

నిర్దోషి అని తేలాక కూడా

మన ఉదాహరణకు ఒక ముగింపు ఊహిద్దాం. ఊళ్లో పెద్దమనుషులు కూర్చోబెట్టి రాజీ చేశారు. అవతలివాళ్లు కోర్టులో "ఎవరు కొట్టారో చీకట్లో చూడలేదు" అన్నారు. సాక్షులు ఎదురు తిరిగారు, కేసు కొట్టేశారు. ఇంట్లో పండగ. కానీ తీర్పులో ఆఖరి పేరా చదవాలి. సాక్ష్యం లేక అనుమానం మీద వదిలారా, లేక ఆరోపణే అబద్ధమని తేల్చారా?

ఈ తేడా ఎంత దూరం వెళ్తుందో 2012 నాటి తమిళనాడు కానిస్టేబుల్ కేసు చూస్తే తెలుస్తుంది. 1999లో కుర్తాళం బందోబస్తుకు వెళ్లిన ఆయన రాత్రి 11 గంటల ప్రాంతంలో తెన్కాశి బస్టాండులో భర్తతో ఉన్న ఒక మహిళతో అసభ్యంగా ప్రవర్తించాడని అరెస్టయ్యాడు. కోర్టులో ముఖ్య సాక్షులు అడ్డం తిరగడంతో కేసు వీగిపోయింది. శాఖ విచారణలో మాత్రం అభియోగం రుజువైంది, డిస్మిస్ చేశారు. కోర్టు వదిలింది కదా అన్న వాదనను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అది గౌరవప్రదంగా నిర్దోషిగా తేలడం కాదని, శాఖ విచారణకు క్రిమినల్ కోర్టులో కావలసినంత రుజువు అక్కర్లేదని చెప్పింది. పాల్ ఆంటోనీ కేసులో శాఖ విచారణకూ క్రిమినల్ కేసుకూ అవే వాస్తవాలు, అవే సాక్ష్యాలు, వాటిని కోర్టు అసలు నమ్మలేదు. ఇక్కడ సాక్షులు మాట మార్చారు. రాజీ కుదుర్చుకునే ఉద్యోగులు ఈ రెండో కేసును గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత పాత జీతం సంగతి. ఎఫ్ఆర్ 54బి ప్రకారం సస్పెన్షన్ పూర్తిగా అన్యాయమని అధికారి భావిస్తేనే ఆ కాలానికి పూర్తి జీతం. సొంత గొడవ కేసు ఇక్కడ ఉద్యోగికి ఎదురు తిరుగుతుంది. ఉద్యోగంతో సంబంధం లేదన్న మాటే మొదట్లో అతని వాదన కదా? ఇప్పుడు ప్రభుత్వం అదే మాట అంటుంది: "ఆ కేసు మేం పెట్టలేదు, మా వల్ల నువ్వు జైలుకు వెళ్లలేదు. నువ్వు పనిచేయని కాలానికి మేమెందుకు చెల్లించాలి?" గుజరాత్ విద్యుత్ బోర్డు ఉద్యోగి ఒకరు హత్య కేసులో శిక్ష పడి, ఉద్యోగం పోయి, అప్పీలులో నిర్దోషిగా బయటపడ్డాడు. ఉద్యోగం తిరిగి వచ్చింది గాని పాత జీతం రాదని 1996లో సుప్రీంకోర్టు తేల్చింది. 2003లో జైపాల్ సింగ్ కేసులోనూ ఇదే మాట. నిర్దోషిగా తేలిన నాటి నుంచి జీతం, అంతకుముందు కాలం సర్వీసులో లెక్క, డబ్బు మాత్రం లేదు. శాఖే స్వయంగా ఫిర్యాదు చేసి పెట్టించిన కేసు అయితే ఉద్యోగి వాదన ఇంకాస్త బలంగా ఉండేది.

ప్రైవేటు ఉద్యోగుల సంగతి క్లుప్తంగా. వాళ్లకు 48 గంటల నియమం లేదు, 311 లేదు. ఉన్నవి కంపెనీ సర్వీసు షరతులు రాసిన స్టాండింగ్ ఆర్డర్లు, అపాయింట్‌మెంట్ లెటరు. మీరట్ గ్లాక్సో కేసులో 1983లో సుప్రీంకోర్టు స్టాండింగ్ ఆర్డర్లో "ఆవరణలో గానీ దాని పరిసరాల్లో గానీ" అని ఉంటే యాజమాన్యం ఊరంతా ఆవరణే అనడం కుదరదని చెప్పింది. కాబట్టి బయటి గొడవను దుష్ప్రవర్తన అనడం కార్మికుల విషయంలో తేలిక కాదు. సస్పెండ్ చేస్తే మొదటి 90 రోజులు సగం వేతనం, ఆలస్యం కార్మికుడి వల్ల కాకపోతే ఆ తర్వాత 75 శాతం ఇవ్వాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఇది ఉంది.

అయితే కంపెనీలు అరెస్టును కారణంగా చూపవు, గైర్హాజరును చూపుతాయి. కలకత్తా బర్న్ కంపెనీ కేసులో భద్రతా చట్టం కింద నిర్బంధించిన ఉద్యోగిని పనికి రాలేదని తీసేస్తే 1956లో సుప్రీంకోర్టు కంపెనీ వైపే నిలిచింది. 1993లో డి.కె. యాదవ్ కేసులో, ఎనిమిది రోజులు రాకపోతే పేరు దానంతటదే కొట్టేయడం కుదరదు, విచారించాలి అని చెప్పాక కార్మికుడికి కాస్త ఆసరా దొరికింది. అందువల్ల అరెస్టయిన రెండో రోజే ఇంట్లోవాళ్లు కంపెనీకి ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపాలి. ఫలానా కేసులో రిమాండులో ఉన్నాడని, ఉన్న సెలవంతా వాడుకుని మిగతా రోజులకు జీతం లేని సెలవు ఇవ్వాలని, విడుదలవగానే హాజరవుతాడని నాలుగు ముక్కలు రాస్తే చాలు. చెప్పకుండా మానేశాడనే మాటకు జవాబుగా రేపు లేబర్ కోర్టులో చూపించడానికి ఆ కాగితమే ఉంటుంది.